ఎర్ర గీత పడిన చీటీ

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట ఇంట్లో వాళ్లు అంటారు, స్టాఫ్ రూంలో అంటారు, చివరికి మా వీధికి కూరగాయలు తెచ్చే ఆవిడ కూడా ఒకసారి అనేసింది. నేను కాదనను. పిల్లల నోటుబుక్కు చేతిలోకి రాగానే ముందు అక్షరాలు చూస్తాను, తర్వాతే జవాబు చూస్తాను. అక్షరాలు మరీ గుండ్రంగా ఉంటే అవి అక్కవో మేనమామవో అయి ఉంటాయని నా గట్టి నమ్మకం. పదిసార్లలో ఆరుసార్లు నేనే గెలిచాను కాబట్టి ఆ నమ్మకాన్ని వదులుకోలేదు. మిగిలిన నాలుగుసార్ల గురించి ఎవరూ నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఈ గుణం పుట్టుకతో వచ్చింది కాదు. జనగామ దగ్గర పని చేస్తున్నప్పుడు, టీచరు ఉద్యోగం ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, మా బడి తరఫున ఒక పిల్లను సైన్స్ ఫెయిర్‌కు తీసుకుపోయాను. ట్యాంకు నిండితే దానంతట అదే మోగే గంట మా నమూనా. ఎంత గొప్పగా పోయామో! హాల్లో అడుగుపెట్టి చూస్తే మా వరుసలోనే అలాంటి గంటలు ఇంకో మూడు ఉన్నాయి. వైర్ల రంగులు కూడా అవే. న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దాయన నాలుగింటి ముందూ నిలబడి, "నలుగురు కలిసి ఒక్క దుకాణంలనే కొన్నరా మేడం?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మా పిల్ల ఏడ్చింది. తిరుగు బస్సులో ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బ్యాటరీ తీయడం మరిచిపోయాను. గుంత వచ్చినప్పుడల్లా అది మోగింది. కండక్టరు ప్రతిసారీ నా వైపు చూశాడు.

ఆ సిగ్గు నన్ను ఇప్పటికీ వదల్లేదు. బదిలీ మీద మహబూబాబాద్ జిల్లాకు వచ్చి, కేసముద్రం దగ్గరి హైస్కూల్లో చేరాక, ప్రతి చలికాలం ఫెయిర్‌కు పంపే అంశాల జాబితా తయారు చేసే పని నేనే అడిగి తీసుకున్నాను. ఇకమీదట నా చేతి మీదుగా ఇంకొకరి సరుకు పోకూడదు. అదొక్కటే నా పంతం.

పని ఇలా నడుస్తుంది. ఫెయిర్‌కు పోవాలనుకునే పిల్లలు తలా ఒక చీటీ రాసి ఇస్తారు. చీటీలో మూడు గడులు. మొదటి గడిలో అంశం పేరు. రెండో గడిలో అది ఎలా పని చేస్తుందో. మూడో గడిలో ఆ ఆలోచన ఎందుకు వచ్చిందో. మొదటి వడపోత నాది. అంశం ఇంతకుముందు ఎక్కడైనా వచ్చిందా అని పాత ఫెయిర్ల జాబితాల్లో చూస్తాను. తర్వాత ఫోన్లో తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి, వీడియోల్లో ఒకసారి వెతుకుతాను. దొరికితే ఎర్ర గీత. దొరకనివి రెండో మెట్టుకు పోతాయి. అక్కడ ఇద్దరు టీచర్లం వేరువేరుగా, ఒకరి మార్కులు ఒకరికి కనబడకుండా, న్యాయనిర్ణేతల పత్రంలో ఉండే ఐదు అంశాలకే మార్కులు వేస్తాం. సొంత ఆలోచన, అందులోని శాస్త్ర సూత్రం, జనానికి పనికొచ్చే గుణం, నమూనా పనితనం, పిల్లల వివరణ. ఇద్దరి మార్కులకూ మరీ తేడా వస్తే కూర్చుని మాట్లాడుకుంటాం. చివరికి మూడే మూడు ఎంట్రీలు పంపాలి.

అంశాన్ని సన్నబరచడం కూడా ఇందులో భాగమే. "నీటి కాలుష్యం" అని రాసుకొస్తారు. అది అంశం కాదు, పాఠం పేరు. ఎవరి నీళ్లు, ఎక్కడి నీళ్లు, ఏం కలిసింది, నువ్వేం కొలుస్తావు అని అడుగుతూ పోతే అది చివరికి "మా బడి బోరు నీళ్లకు వంటపాత్రల అడుగున పట్టే తెల్ల పొర" దగ్గర ఆగుతుంది. అప్పుడది ఆ పిల్లది అవుతుంది. ఈ పని నాకు బాగా వచ్చు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, తర్వాత జరిగిన దాని కోసం చెబుతున్నాను.

రెండో మార్కులు వేసేది మా ఫిజిక్స్ సారు. భూపాలపల్లి జిల్లా, మహదేవపూర్ దిక్కు మనిషి. గోదావరి ఒడ్డున పెరిగాడు. నేను బయాలజీ. ఆయనకు నా అనుమానం ఒక వినోదం. నేను చీటీలు ముందేసుకుని కూర్చున్నప్పుడల్లా తలుపు దగ్గర నిలబడి, "మేడం, ఠాణాల కేసులు ఎన్నొచ్చినయ్ ఇయ్యాల?" అంటాడు. ఆయన మీద కూడా నాకు కొంచెం అనుమానమే. ప్రతి పిల్లకూ మార్కులు చేతికి ఎముక లేనట్టు వేస్తాడు. అలా వేసేవాడు చదవకుండా వేస్తున్నాడేమోనని నా శంక.

ఆ ఏడు నలభైకి పైగా చీటీలు వచ్చాయి. మధ్యాహ్న భోజనం గంటలో ల్యాబ్ బల్ల మీద పరిచి ఒక్కొక్కటే చూస్తున్నాను. సగానికి పైగా నేను పేరు చూసే గుర్తుపట్టగలిగినవి. చెత్తతో కరెంటు. గుడ్డి వాళ్లకు కర్ర. వాన నీటి గుంత. ఎర్ర పెన్ను గబగబా నడుస్తోంది. తొమ్మిదో తరగతి పిల్ల చీటీ ఒకటి వచ్చింది. చింపిన కాగితం, వంకర అక్షరాలు, ఒక మూల నూనె మరక. మొదటి గడిలో "తాలు ఏరే పెట్టె" అని ఉంది.

తాలు అంటే మాకు తెలియకపోవడమా? మాది వరి పండించే ఊరు. గింజ పట్టని వట్టి వడ్లు తాలు. కల్లంలో తూర్పారబడితే గాలికి ఎగిరిపోయేది. ఫ్యాను పెట్టి తాలును ఎగరగొట్టే పెట్టె పాత జాబితాల్లోనే రెండుసార్లు ఉంది. ఫోన్లో వెతికితే అట్టపెట్టెతో చేసినవి, రేకుతో చేసినవి, సైకిలు పెడలుతో తిప్పేవి లెక్కలేనన్ని వచ్చాయి. ఒక వీడియోలో పిల్లవాడు చెప్పే మాటలు కూడా నాకు కంఠతా వచ్చేలా ఉన్నాయి. నాకు కోపం వచ్చింది. జనగామ హాల్లో నవ్వినవాళ్ల ముఖాలు గుర్తొచ్చాయి. చీటీకి అడ్డంగా ఎర్ర గీత కొట్టి, పక్కన "కాపీ" అని రాసి, కింద నా పొడి అక్షరాలు పెట్టాను. పక్క చీటీ తీసుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు తొమ్మిదో తరగతిలో చీటీలు తిరిగి ఇస్తూ, కాపీ కొట్టడం గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఉదాహరణ కావాలి కదా, పైన ఉన్న చీటీ చేతికి వచ్చింది. "గిది చూడుండ్రి. ఫోన్ల ఉన్నది ఉన్నట్టు దించుకొచ్చి నా మొఖాన కొడితే నేను గుర్తుపట్టననుకున్నరా?" అన్నాను. కోపంలో నా నోట్లోంచి కూడా మా ఊరి మాటే వస్తుంది.

ఆ పిల్ల మూడో బెంచీలో లేచి నిలబడింది. సన్నగా, ఎప్పుడూ జడ బిగించి వేసుకుని వస్తుంది. తరగతిలో ఎక్కువ మాట్లాడదు. "నేను ఫోన్ల చూడలే టీచర్," అంది.

"మరి యాడ చూసినవ్?"

"చూడలే టీచర్. మా ఇంట్ల..."

"మీ ఇంట్ల ఫోన్ లేదా?"

"ఉంది టీచర్."

"కూసో."

క్లాసు నవ్వింది. ఆ నవ్వు నాకు వినిపించింది. అది జనగామ నవ్వే. ఈసారి నవ్వించింది నేను. కానీ ఆ క్షణాన నాకు అలా అనిపించలేదు. పట్టుకున్నానన్న తృప్తే ఉంది. ఆ పిల్ల బెల్లు కొట్టాక వచ్చి తన చీటీ తనకు ఇవ్వమంది. చింపి పారేస్తుంది కాబోలు అనుకుని ఇచ్చేశాను.

మూడు రోజుల తర్వాత అదే పిల్ల ఇంకో కాగితం తెచ్చింది. ఈసారి తెల్లటి ఠావు, స్కేలుతో గీసిన గడులు, రంగు పెన్సిళ్లతో బొమ్మ. "చెరువులోని గుర్రపు డెక్కతో మట్టిలో కలిసిపోయే మొక్కల కుండీలు." మూడు గడుల్లోనూ నిండుగా రాసి ఉంది. మూడో గడిలో పర్యావరణం, ప్లాస్టిక్ నివారణ, గ్రామీణ మహిళలకు ఉపాధి అన్నీ ఉన్నాయి. నాకు సంబరమేసింది. చూశావా, ఒక్క తిట్టు ఎంత పని చేసిందో అనుకున్నాను. పాత జాబితాల్లో లేదు. ఫోన్లో తెలుగులో వెతికితే ఏమీ రాలేదు. ఇంగ్లీషులో వెతకబోయేసరికి సిగ్నల్ పోయింది. మళ్లీ వెతుకుదాంలే అనుకుని మరిచిపోయాను. వంకర అక్షరాల చీటీకి మూడుసార్లు వెతికిన దాన్ని, గుండ్రటి అక్షరాల చీటీకి ఒక్కసారితో సరిపెట్టాను. గుండ్రటి అక్షరాలంటే అనుమానం అని ఇందాక చెప్పుకున్నది నేనే.

పిల్లను పిలిచి కాగితం చూడకుండా మూడు ప్రశ్నలు అడిగాను. ఎన్ని రోజులు ఎండబెట్టాలి, దేనితో అతకాలి, ఎంతకాలం నిలుస్తుంది. తడుముకోకుండా చెప్పింది. కళ్లు మాత్రం నా భుజం మీదుగా కిటికీ వైపు ఉన్నాయి. "శాబాష్. సొంతంగా ఆలోచిస్తే గిట్లుంటది," అన్నాను. ధ్రువీకరణ పత్రం మీద "ఈ ఆలోచన విద్యార్థి సొంతమని నమ్ముతున్నాను" అన్న వరుస కింద సంతకం పెట్టేశాను. ఐదు అంశాలకూ కలిపి నేనెప్పుడూ వేయనన్ని మార్కులు వేశాను.

ఎంట్రీలు ఆన్‌లైన్‌లో ఎక్కించడానికి ఆఖరి రోజు. సాయంత్రం ఐదుకు మూసేస్తారు. పొద్దున స్టాఫ్ రూంలో నేనూ ఫిజిక్స్ సారూ మార్కుల కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నాం. మిగతా అన్నింట్లో ఆయన నాకంటే ఎక్కువ వేశాడు, అది మామూలే. గుర్రపు డెక్క దగ్గర మాత్రం నేను ఆకాశానికి ఎత్తితే, ఆయన సొంత ఆలోచన గడిలో సున్నా వేశాడు.

"ఏంది సార్ గిది? చేతికి ఎముక లేని మనిషి సున్నా వేసుడేంది?" అన్నాను. ఆ పిల్ల మీద ఈయనకేమన్నా కోపం ఉందా అన్న శంక అప్పుడే మొదలైంది.

"మేడం, జర ఒక్కటి చెప్పున్రి. మన చెరువుల గుర్రపు డెక్క యాడుంది?"

మా బడి వెనక చెరువులో తామరాకులు ఉన్నాయి, ఒడ్డున తుంగ ఉంది. గుర్రపు డెక్క నేను ఈ చుట్టుపక్కల చూసిన గుర్తు లేదు. బయాలజీ టీచర్ని నేను. పక్కనే ఉన్న చెరువులో ఏముందో ఫిజిక్స్ సారు చెప్పాల్సి వచ్చింది.

"చూడని చెట్టుతోని కుండీలు ఎట్ల చేస్తది? అసలు ఆ పిల్ల రాత గది కాదు. వాళ్ల ఊళ్లె పెద్ద క్లాసు చదివే అక్క ఎవలో రాసిచ్చినట్టుంది," అన్నాడు. ఫోన్ తీసి ఇంగ్లీషులో వెతికాడు. సిగ్నల్ బాగానే ఉంది. వేరే రాష్ట్రం పిల్లలు చేసిన కుండీలు వరసగా వచ్చాయి. బొమ్మ కూడా అదే.

పిల్లను పిలిపించాను. నా గొంతు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. రెండోసారి కూడా మోసమా అని ఒళ్లు మండిపోతోంది. "గిది కూడా కాపీయేనా?" అన్నాను.

"అవును టీచర్," అంది.

అంత సూటిగా ఒప్పుకుంటుందని అనుకోలేదు. "సిగ్గు లేదా? ఒకసారి చెప్పినంక మల్ల..."

"మొదటిది కాపీ కాదు టీచర్." ఆ పిల్ల ఈసారి కిటికీ వైపు చూడలేదు. నా వైపే చూసింది. "నాది తెస్తే కాపీ అన్నరు. కాపీ తెస్తే శాబాష్ అన్నరు. నేనేం తేవాల్నో నాకు తెల్వలే."

స్టాఫ్ రూంలో ఎవరో కుర్చీ జరిపారు. నాకు చెంప మీద కొట్టినట్టయింది. చేతిలోని పెన్ను మూత తీసి పెట్టి తీసి పెట్టి చేస్తూ నిలబడ్డాను.

సారే అందుకున్నాడు. "మొదటిదేంది బిడ్డా?"

ఆ పిల్ల సైన్సు నోటుబుక్కు తెరిచి, అట్ట లోపల మడిచి పెట్టిన చీటీ తీసింది. చింపలేదు. నా ఎర్ర గీత, నా "కాపీ", నా పొడి అక్షరాలు అలాగే ఉన్నాయి. సారు కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. మొదటి గడి, రెండో గడి, మూడో గడి. ఆయన చదవకుండా మార్కులు వేస్తాడని కదా నా శంక. నింపాదిగా, వేలు పెట్టి, వరుస వరుసా చదివాడు. తర్వాత నవ్వు లేకుండా నన్ను అడిగాడు.

"మేడం, వడ్ల తాలు ముట్టుకుంటే చేతులు మండుతయా?"

"ఎందుకు మండుతయ్?"

"మరి గీడ చూడున్రి."

చూశాను. రెండో గడిలో "ఆకుపచ్చ కాయితం, బల్బు. ఎర్రటియి నల్లగ అయితయి, తాలు తెల్లగ కనబడ్తది" అని ఉంది. మూడో గడిలో "మా అమ్మ చేతులు మండుతయి. రాత్రి అన్నం కలుపుకోలేదు" అని ఉంది.

"గిది మిర్చి తాలు మేడం," అన్నాడు సారు. "మా గోదారొడ్డున మిర్చే మిర్చి. రంగు పోయి తెల్లబడ్డ కాయను తాలంటం. ఆడోళ్లు కల్లంల కూసొని పొద్దంత ఏరుతరు. వడ్ల తాలును ఏరుతరా ఎవలన్న? తూర్పార పడ్తరు. ఈ పిల్ల 'ఏరే పెట్టె' అనే రాసింది."

మొదటి గడి దాటి నేను చదవలేదు. అదీ నిజం. పేరు చూశాను, నాకు తెలిసిన మాట అనుకున్నాను, ఫోన్లో వెతికాను, దొరికింది, గీత కొట్టాను. మూడో గడి పెట్టింది నేనే. ఎందుకు పెట్టానంటే, కాపీ కొట్టినవాళ్లు అక్కడే దొరికిపోతారని. నిజం చెప్పినవాళ్లు కూడా అక్కడే ఉంటారని నాకు తట్టలేదు.

ఇంత జరిగాక నేను వెంటనే ఆ పిల్లను నమ్మానని రాస్తే బాగుంటుంది. కానీ నమ్మలేదు. ఆకుపచ్చ వెలుగు, ఎర్ర కాయ నల్లబడటం, ఇవన్నీ ఒక తొమ్మిదో తరగతి పిల్లకు ఎలా తెలుసు? దీన్నీ ఎవరో చెప్పి ఉంటారు. "నాకు చూపియ్," అన్నాను. సారు నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు, కానీ హెడ్మాస్టరు దగ్గర అనుమతి ఆయనే తీసుకొచ్చాడు. ముగ్గురం ఆటోలో బయల్దేరాం. తనను నమ్మి కాదు, తనిఖీ చేయడానికి పోతున్నామని ఆ పిల్లకు తెలుసు.

ఆ ఊరి బయట మిర్చి కల్లం. తొలి కోత కాయ ఎర్రగా పరిచి ఉంది. ఆటో దిగకముందే దగ్గు మొదలైంది. ఒక మూల నాలుగు కర్రలు పాతి పైన పలచటి ఆకుపచ్చ ప్లాస్టిక్ పట్టా కట్టారు. దాని నీడలో పది మంది ఆడవాళ్లు ముఖానికి గుడ్డ కట్టుకుని కాయ ఏరుతున్నారు. ఆ పిల్ల తల్లి మమ్మల్ని చూసి కంగారుగా లేచింది. "ఏమైంది మేడం? మా పిల్ల ఏమన్న చేసిందా?"

"ఏం చేయలే," అన్నాను. చేసింది నేను అని చెప్పే ధైర్యం లేకపోయింది.

నేను మంచినీళ్ల సీసా ఇవ్వబోతే ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. "నా చేతులు తాకకున్రి మేడం. మీకు అంటుకుంటే పొద్దుమీకి దాక మంట పోదు."

ఆ పిల్ల నన్ను పట్టా కిందికి రమ్మంది. వంగి వెళ్లాను. బయట ఎండలో ఎర్రకాయా, రంగు పోయిన కాయా కలిసిపోయి కళ్లు జిగేల్మంటున్నాయి. పట్టా కింద ఎర్రకాయలు నల్లటి ముదురు రంగులో ఉన్నాయి. వాటి మధ్య తాలు కాయలు పాలిపోయినట్టు, విడిగా తేలి కనబడుతున్నాయి. "సెలవుల అమ్మతోని వచ్చిన టీచర్. ఎండల ఏరితే లేటైతది, పట్టా కింద తొందరగ అయితది. ఎందుకని చూసిన. ఎరుపు ఆకుపచ్చను మింగేస్తదని సారు పాఠంల చెప్పిండు. పట్టా లేకున్నా పెట్టెల బల్బు పెట్టి ఆకుపచ్చ కాయితం చుడితే అయితది. ఏటవాలు పలక మీద కాయ జారుతది. పట్టుకారుతోని తీస్తే చెయ్యి ముట్టుకునుడు ఉండది."

సారు ముఖం వెలిగిపోయింది. ఎరుపు రంగు వస్తువు ఆకుపచ్చ వెలుగును పీల్చుకుంటుంది, తిరిగి పంపదు, అందుకే నల్లగా కనబడుతుంది. తన పాఠం ఒక కల్లం దాకా నడిచి వచ్చిందని ఆయనకు ఆనందం. నేను మాత్రం ఆ పట్టా కింద నిలబడి సిగ్గుతో కుంచించుకుపోయాను. ఇంత చూడగలిగిన పిల్లను నేను ముప్పై మంది ముందు దొంగను చేశాను.

ఆటోలో తిరిగి వస్తూ ఫోన్లో వెతికాను, ఈసారి మూడు రకాలుగానూ. మిల్లుల్లో రంగును బట్టి గింజలనూ కాయలనూ వేరు చేసే పెద్ద యంత్రాలు ఉన్నాయి. ఆ సంగతి దాచకుండా ఎంట్రీలో రాయాలని సారుతో అన్నాను. సొంత ఆలోచన అంటే లోకంలో ఎవరికీ రానిది అని కాదు. చేత్తో ఏరే కూలీ కోసం, పెట్టె, బల్బు, ఆకుపచ్చ కాగితంతో చేయడం ఎక్కడా కనబడలేదు. అంశాన్ని సన్నబరిచాను. "రంగు పోయిన మిర్చి తాలును ఆకుపచ్చ వెలుగులో గుర్తించి, చేయి తగలకుండా ఏరే పెట్టె." మొదటే "మిర్చి" అన్న ఒక్క మాట చేర్చుకో అని అడిగి ఉంటే అయిపోయేది. ఆ ఒక్క మాట అడగడానికి నాకు తీరిక లేకపోయింది, మూడుసార్లు వెతకడానికి ఉంది.

నాలుగున్నరకు కంప్యూటరు ముందు కూర్చున్నాం. పాత ధ్రువీకరణ పత్రం చింపి కొత్తది తీశాను. కింద నాదీ, విద్యార్థిదీ రెండు సంతకాలు ఉండాలి. ఆ పిల్ల పెన్ను పట్టుకుని ఆగింది. "టీచర్, మీరు నమ్మి సంతకం పెడ్తున్నరా, సారు చెప్పిండని పెడ్తున్నరా?"

"చూసి పెడ్తున్న," అన్నాను. అంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. తర్వాత, "తప్పు నాది బిడ్డా. మొత్తం చదవలే," అన్నాను. ఆ పిల్ల తల ఊపి సంతకం పెట్టింది. క్షమించానని మాత్రం అనలేదు. మర్నాడు తొమ్మిదో తరగతిలో అదే మాట అందరి ముందూ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కాస్త తేలికయ్యేది.

ఫెయిర్ మహబూబాబాద్‌లో జరిగింది. పెట్టె బాగానే పని చేసింది. చుట్టుపక్కల బడుల పిల్లలు వచ్చి ఆకుపచ్చ వెలుగులో తమ ఎర్ర రిబ్బన్లు పెట్టి చూసుకుని కేరింతలు కొట్టారు. మధ్యాహ్నం ఇద్దరు న్యాయనిర్ణేతలు వచ్చారు. ఒకాయన నాలాంటి మనిషని చూస్తూనే నాకు అర్థమైంది. ముందు అక్షరాలు చూశాడు, తర్వాత పెట్టె చూశాడు, తర్వాత పిల్ల చెప్పులు చూశాడు. అన్నీ విని, సూత్రం అడిగి, మిల్లు యంత్రం గురించి అడిగి, చివరికి పత్రం మీద పెన్ను ఆనించి అసలు ప్రశ్న అడిగాడు.

"మంచిగ చెప్తున్నవ్ గాని, నిజం చెప్పు బిడ్డా. గిది మీ టీచర్ ఆలోచన కదా?"

సొంత ఆలోచన గడి ఇంకా ఖాళీగా ఉంది. పిల్ల ఎలా నిరూపిస్తుంది? కల్లం ఇక్కడ లేదు, తల్లి ఇక్కడ లేదు. నేను చెబితే ఎవరు నమ్ముతారు? టీచర్లు అలాగే చెబుతారు. ఆయన స్థానంలో ఉంటే నేనూ నమ్మను. అయినా నోరు తెరవబోయాను.

ఆ పిల్ల నా వైపు చూడనేలేదు. ఫైలు అట్ట తెరిచి, లోపలి నుంచి మడతలు నలిగిన చీటీ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"కాదు సార్. మా టీచర్ దీన్ని కొట్టేసింది."

ఆయన చీటీని వెలుగుకు తిప్పి చూశాడు. అడ్డంగా ఎర్ర గీత, పక్కన "కాపీ", కింద పొడి అక్షరాలు. తర్వాత మూడు గడులూ, ఆఖరి వరుస దాకా చదివాడు. తలెత్తి నా మెడలోని కార్డు మీది పేరు చూశాడు.

"ఈ ఎర్ర రాత మీదేనా మేడం?"

చుట్టూ జనం ఉన్నారు. జనగామ హాలు కంటే ఎక్కువ మందే ఉన్నారు.

"నాదే సార్," అన్నాను.

ఆయన సొంత ఆలోచన గడిలో మార్కులు వేసి, చీటీని మడతల ప్రకారం మడిచి ఆ పిల్లకు తిరిగి ఇచ్చాడు. ఆ పిల్ల దాన్ని మళ్లీ ఫైల్లో పెట్టుకుంది.